మా చిన్ని రాసిన కథలో లేని సంగతులు

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి పోయిన నెల తెలుగు టీచర్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఇంట్లో జరిగిన ఏదైనా సంఘటనను చిన్న కథగా రాసుకు రావాలి, రెండు పేజీలు మించకూడదు. మా చిన్ని రాసిన కథ పేరు "తాతయ్య లాటరీ". అందులో ఒక రిటైర్డ్ గుమస్తా ఉంటాడు. పాతిక లక్షల లాటరీ తగిలిందని ఆయన ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఆయన డబ్బు కట్టబోతుంటే మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చి "తాతయ్యా, ఆగు! ఇది మోసం!" అంటుంది. తాతయ్య ఫోను పక్కన పెట్టి మనవరాలిని దగ్గరకు తీసుకుంటాడు. కథ అయిపోతుంది. టీచర్ పదికి తొమ్మిది మార్కులు వేసి "చాలా బాగుంది" అని రాశారు.

కథ బాగానే ఉంది. కాకపోతే జరిగింది అలా కాదు. ఆ గుమస్తా మా నాన్న. ఈ పత్రిక చదివే చాలా ఇళ్లలో మా ఇంట్లో లాగే ఒక తాతయ్యో నానమ్మో ఉంటారు, వాళ్ల చేతిలో మనమే కొనిచ్చిన స్మార్ట్‌ఫోన్ ఉంటుంది. అందుకని అసలు జరిగింది రాయాలనిపించింది. నాన్నను అడిగే రాస్తున్నాను. "రాయమ్మా. అంకెలు మాత్రం తప్పు రాయకు" అన్నారు.

నాన్న ట్రెజరీలో 36 ఏళ్లు పనిచేశారు. జీతాల బిల్లులు, పెన్షన్ బిల్లులు పరిశీలించడం ఆయన పని. బిల్లు మీద మొత్తాన్ని అంకెల్లో, అక్షరాల్లో రాయడంతో వదలరు. తర్వాత ఎవరూ పక్కన ఒక సున్నా చేర్చకుండా "ఇంత లోపు మాత్రమే" అని ఎర్ర సిరాతో అడ్డంగా రాస్తారు. ఇప్పటికీ మా ఇంట్లో పాల లెక్క కూడా ఆయన అలాగే రాస్తారు. అలాంటి మనిషి ఎలా మోసపోయాడని మా బంధువులు చాలామంది ఆశ్చర్యపోయారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తర్వాత ఆ కాగితాలన్నీ చూశాక అర్థమైంది, ఆ వల సరిగ్గా అలాంటి మనిషి కోసమే అల్లారు.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆయన వాట్సాప్‌కు ఒక ఉత్తరం బొమ్మ వచ్చింది. టీవీలో వచ్చే ఒక పెద్ద క్విజ్ కార్యక్రమం పేరు పైన ఉంది. దేశంలోని సిమ్ కార్డులన్నీ కలిపి లక్కీ డ్రా తీశామని, అందులో మీ నంబరుకు 25 లక్షలు తగిలాయని సారాంశం. లాటరీ నంబరు, ఫైలు నంబరు, రెండు గుండ్రటి సీళ్లు, కింద మేనేజరు సంతకం, నాన్న పేరు రాసిన చెక్కు ఫోటో, అన్నీ ఉన్నాయి. ఫైలు నంబరు, సీలు, సంతకం ఉన్న కాగితాన్ని 36 ఏళ్లపాటు గౌరవించిన కళ్లు అవి. పైగా ఉత్తరంతో పాటు వచ్చిన ఆడియో హిందీలో ఉంది. నాన్న కుర్రతనంలో దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి పాసయ్యారు. ఆ హిందీ ఉద్యోగంలో ఎన్నడూ అక్కరకు రాలేదు. ఇన్నాళ్లకు ఎవరో "సర్, సర్" అంటూ ఆయనతో ఇరవై నిమిషాలు హిందీలో మాట్లాడారు.

ఇంట్లో మేం ఆయనతో అంతసేపు మాట్లాడటం లేదు. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది. ఫోనులో అక్షరాలు పెద్దవి ఎలా చేయాలని ఆయన అడిగితే "నాన్నా, ఇప్పుడు కాదు, ఆఫీసు కాల్‌లో ఉన్నాను" అన్నది ఆ వారంలోనే. ఆయన ఫోను పట్టుకుని డాబా మీదికి వెళ్లడం రెండు మూడుసార్లు చూశాను. పాత ఆఫీసు మిత్రులెవరో దొరికి ఉంటారులే అనుకున్నాను.

ఫోను చేసినవాడు రెండు షరతులు పెట్టాడట. మాట్లాడితే వాట్సాప్ కాల్‌లోనే మాట్లాడాలి, మామూలు కాల్ చేయకూడదు. డబ్బు ఖాతాలో పడేవరకు ఇంట్లోవాళ్లతో సహా ఎవరికీ చెప్పకూడదు, చెబితే బహుమతి రద్దవుతుంది. గురువారం ఫైలు ఛార్జీ అని 8,200 రూపాయలు అడిగాడు. మందుల షాపుకి, గ్యాస్ బిల్లుకి పనికొస్తుందని మా వారు నాన్న ఫోనులో యూపీఐ పెట్టి ఉన్నారు. దాంతోనే పంపారు. మొదటి మొత్తం అలాగే ఉంటుంది, పోతే పోయిందిలే అనుకునేంత. శుక్రవారం ఒక "రసీదు" వచ్చింది, దాని మీద మళ్లీ సీలు. శనివారం సాయంత్రం జీఎస్టీ అని 29,500 అడిగాడు. నాన్నకు ఆ సాయంత్రం అనుమానం రాలేదా అని తర్వాత అడిగాను. "వచ్చిందమ్మా. కానీ అప్పటికే ఎనిమిది వేలు కట్టాను కదా. ఇప్పుడు ఆగితే ఆ ఎనిమిది వేలు పోయినట్టు నేనే ఒప్పుకోవాలి" అన్నారు. రెండూ కలిపి 37,700. ఆయన నెల పెన్షన్ కంటే ఎక్కువ.

ఆదివారం పొద్దున మూడోది వచ్చింది. ఆదాయపు పన్ను 1,25,000, సోమవారం మధ్యాహ్నంలోగా కట్టాలి, అది కడితే సాయంత్రానికి పాతిక లక్షలు జమ. నాన్న దగ్గర అంత లేదు. అమ్మ పోయాక వచ్చిన డబ్బుతో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఉంది. సోమవారం బ్యాంకు తెరవగానే దాన్ని రద్దు చేసుకోవాలని నిర్ణయించుకున్నారు.

ఇక్కడ మా చిన్ని వస్తుంది. పరుగెత్తుకుంటూ కాదు. ఆదివారం సాయంత్రం ఏడింటికి తాతయ్యే తనను పిలిచారు. "చిన్నీ, ఈ ఉత్తరాలు మీ ప్రింటర్‌లో రెండేసి కాపీలు తీసిపెట్టమ్మా, ఫైల్లో పెట్టుకోవాలి." కాగితం లేకుండా ఆయనకు ఏ పనీ పూర్తయినట్టుండదు. ఎవరికీ చెప్పకూడదన్న షరతు మనవరాలికి కూడా వర్తిస్తుందని ఆయనకు తోచలేదు, లేదా ప్రింటు తీయడం చెప్పడం కిందికి రాదనుకున్నారు. వల వేసినవాడు ఆయన గుమస్తాగిరీని నమ్ముకున్నాడు. చివరికి ఆ గుమస్తాగిరీయే ఉత్తరాన్ని మా ప్రింటర్ దాకా తెచ్చింది.

చిన్ని ఉత్తరం చదివి, కథలో రాసిన మాటే అంది, "తాతయ్యా, ఇది మోసం." అంతవరకు నిజమే. దానికి నాన్న దగ్గరకు తీసుకోలేదు. "ముప్పై ఆరేళ్లు సర్వీసు చేసినవాడిని, నువ్వు నాకు చెప్పొచ్చావా?" అని గట్టిగా కసిరి, కాగితాలు లాక్కుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. అది వంటింట్లోకి ఏడుస్తూ వచ్చి నాకు విషయం చెప్పింది. నేను స్టవ్ ఆపి గదివైపు బయల్దేరాను. నా ముఖం చూసి చిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అమ్మా, నువ్వు వెళ్తే అరుస్తావు. అరిస్తే తాతయ్య రేపు మనకు చెప్పకుండా బ్యాంకుకు వెళ్లిపోతాడు."

పదమూడేళ్ల పిల్లకు తోచిన ఆ మాట నాకు తోచలేదు. కథలో ఈ ముక్క ఎందుకు రాయలేదే అంటే "నువ్వు ఫీలవుతావని" అంది.

అరగంట ఆగి అది మళ్లీ వెళ్లింది, చేతిలో నోటుబుక్కు, ఎర్ర పెన్నుతో. నేను గుమ్మం బయట నిలబడ్డాను. "తాతయ్యా, ఈ ఫైలు ఆడిట్‌కి వచ్చిందనుకుందాం. నేను ఆడిటర్‌ని. నువ్వు జవాబులు చెప్పు. అన్నీ సరిగ్గా ఉంటే నేనే ప్రింట్లు తీసిస్తాను." చిన్నప్పటి నుంచి ఆయన పక్కన పడుకుని ఆడిట్ పార్టీల కథలు విన్న పిల్ల. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, అడుగు" అన్నారు.

మొదటి ప్రశ్న, టికెట్ ఏది? టికెట్ లేదు, సిమ్ నంబరును వాళ్లే డ్రాలో వేశారు. "నువ్వు దరఖాస్తు పెట్టకుండా శాంక్షన్ ఎలా వచ్చింది తాతయ్యా?" నాన్న ఏదో గొణిగారు. లాటరీ అంటే డబ్బు పెట్టి టికెట్ కొన్నవాళ్ల మధ్య తీసే డ్రా. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అసలు లాటరీ టికెట్ల అమ్మకమే లేదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఫోను నంబరు 92తో మొదలవుతోందని, మన దేశం కోడ్ 91 అని, 92 పాకిస్తాన్‌దని కూడా చిన్ని చూపించింది. "హెడ్డాఫీసు నంబరు అలా ఉంటుందన్నాడు" అన్నారు నాన్న. (ఇది ఒక్కటే చూసుకుని ధైర్యంగా ఉండకండి. ఇలాంటి కాల్స్ మామూలు మన దేశపు నంబర్ల నుంచి కూడా వస్తాయి.)

రెండో ప్రశ్న దగ్గర ఆయన గొంతు మారడం నాకు బయటికి తెలిసింది. "జీఎస్టీ కట్టావు కదా, చలానా ఏది?" చలానా లేదు, రసీదు ఉంది. "ఏ పద్దు కింద జమ అయింది?" ప్రభుత్వానికి చెందే ప్రతి పైసా చలానా మీద, ఒక పద్దు కింద, ప్రభుత్వ ఖాతాలోకే వెళ్తుంది. ఆయన జీవితమంతా చేసిన పని అదే. చిన్ని ఫోనులో యూపీఐ చరిత్ర తెరిచి చూపించింది. 8,200 ఒక మనిషి పేరు మీద ఉన్న ఖాతాకు వెళ్లింది, 29,500 ఇంకో మనిషి ఖాతాకు. రెండూ ప్రభుత్వం పేరున లేవు, ఆ టీవీ కార్యక్రమం పేరున కూడా లేవు. పంపిన రోజున ఆ పేర్లు తెర మీద కనిపించే ఉంటాయి. ఫోనులో అవతలివాడు "త్వరగా, సర్, టైమ్ అయిపోతోంది" అంటుంటే ఎవరు చదువుతారు?

మూడోది ఇంతకంటే చిన్న ప్రశ్న. "ఫిబ్రవరి జీతంలో పన్ను ఎక్కువ కట్ అవుతుందని అందరూ నీ దగ్గరికొచ్చి గొడవ పెట్టుకునేవాళ్లన్నావు కదా. వాళ్లు ముందు నీకు పన్ను కట్టి, తర్వాత జీతం తీసుకునేవాళ్లా?"

"కట్టడమేంటి? బిల్లులోనే మినహాయించి నికర మొత్తం ఇచ్చేవాళ్లం" అన్నారు నాన్న. అన్నాక చాలాసేపు ఏమీ అనలేదు.

ఇదే ఈ మోసానికి మూలమని నాకనిపిస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తాను. చట్టం ప్రకారం లాటరీ బహుమతి మీద 30 శాతం పన్ను ఉంటుంది, నిజమే. కానీ బహుమతి పదివేలు దాటితే ఆ పన్నును ఇచ్చేవాళ్లే కోసి ప్రభుత్వానికి జమ చేసి, మిగిలింది మన చేతికి ఇవ్వాలి. ఆ రాత్రి నాన్న నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో తనే లెక్క వేశారు. స్థూల మొత్తం 25,00,000. కోత 7,50,000. నికరం 17,50,000. ఆయన జేబులోంచి పోవలసింది సున్నా. "మరి కారు తగిలితే? కారులోంచి 30 శాతం ఎలా కోస్తారు?" అని తనే మళ్లీ ప్రశ్న వేసుకున్నారు, బహుశా ఓడిపోవడం ఇష్టం లేక. ప్రశ్న మంచిదే. వస్తువు రూపంలో ఇచ్చే బహుమతికి పన్ను కట్టారని నిర్ధారించుకున్నాకే వస్తువు ఇవ్వాలని నిబంధన ఉంది. మోసగాళ్లు ఆ మెలికను కూడా వాడుకుంటారు. "అప్పుడైనా చలానా మీదే కదా తాతయ్యా కట్టేది?" అంది చిన్ని.

నాన్న కళ్లజోడు తీసి మంచం మీద పెట్టారు. అప్పుడు నేను లోపలికి వెళ్లాను. ఆయన నన్ను చూడలేదు. ఫైలు నా వైపు తోశారు. అందులో ఉత్తరాల వెనక ఆయన చేతిరాతతో ఒక కాగితం ఉంది. పాతిక లక్షల పంపకం. చిన్ని చదువు, ఇంజనీరింగు వరకు, 12 లక్షలు. అల్లుడుగారి ఇంటి లోను, 8 లక్షలు. అమ్మ పేరున అన్నదానం, లక్ష. అత్యవసరాలకు 4 లక్షలు. తన పేరున ఏమీ రాసుకోలేదు. ఆ నెల రెండో టర్మ్ ఫీజు, లోను వాయిదా ఒకేసారి వచ్చి, నేనూ మా వారూ భోజనాల దగ్గర ఆ సంగతే నాలుగు రోజులు మాట్లాడుకున్నాం. ఆయన కూడా అదే బల్ల దగ్గర కూర్చుని పెరుగన్నం తింటున్నారు.

ఈ కాగితం సంగతీ కథలో లేదు. చిన్ని అప్పటికి దాన్ని చూసింది.

రాత్రి తొమ్మిదిన్నరకు మా వారు 1930కి ఫోన్ చేశారు. సైబర్ మోసాలకు దేశమంతటికీ ఉన్న నంబరు అది. పేరు, ఖాతా ఉన్న బ్యాంకు, ఏ రోజు ఎన్ని గంటలకు ఎంత పంపారు, యూపీఐలో కనిపించే పన్నెండు అంకెల లావాదేవీ నంబరు, ఎవరి యూపీఐ ఐడీకి వెళ్లింది, ఇవి అడిగారు. అన్నీ ఫైల్లో వరసగా ఉన్నాయి. ఆ విషయంలో మాకంటే సిద్ధంగా ఉన్న ఫిర్యాదుదారు ఉండడేమో. ఫిర్యాదు నంబరు మెసేజ్‌లో వచ్చింది. మిగతా వివరాలు, ఉత్తరాల ఫోటోలు cybercrime.gov.in లో ఆ రాత్రే పెట్టేశాం. సోమవారం నాన్న బ్యాంకుకు వెళ్లనే వెళ్లారు, అయితే డిపాజిట్ రద్దు చేసుకోవడానికి కాదు. జరిగింది రాతపూర్వకంగా ఇచ్చి, దాని కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకుని వచ్చారు. రోజుకు యూపీఐలో పంపగలిగే పరిమితి కూడా తగ్గించుకున్నారు.

1930కి ఫోన్ చేస్తే డబ్బు తిరిగి వచ్చేస్తుందని అనుకోవద్దు. వాళ్లు చేసేది ఆ డబ్బు చేరిన ఖాతాకు కబురు పంపి, అక్కడ ఇంకా ఏమైనా మిగిలి ఉంటే దాన్ని కదలకుండా ఆపించడం. మోసగాళ్లు దాన్ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు తోస్తూ పోతారు, అందుకే గంటలు ముఖ్యం. గురువారం పంపిన 8,200లో ఒక్క రూపాయి దొరకలేదు. శనివారం పంపిన దాంట్లో 11,340 ఆగింది. అది కూడా కోర్టు ఉత్తర్వు అయ్యాక, కొన్ని నెలలకు గానీ చేతికి రాలేదు. మొత్తం మీద పోయింది 26,360. శనివారం రాత్రే తెలిసి ఉంటే ఇంకొంత ఆగేదేమో. ఆ రాత్రి మేమందరం సినిమాకు వెళ్లాం, నాన్న రానన్నారు.

తర్వాత వారం రోజులు నాన్న మాతో కలిసి భోజనానికి కూర్చోలేదు. ఆకలి లేదనేవారు. పోయిన డబ్బు కంటే మనవరాలి ముందు తల దించుకోవడం ఆయన్ను బాధపెట్టింది. మేం ఓదార్చబోతే ఇంకా ముడుచుకుపోయేవారు. ఆయన్ను మామూలు మనిషిని చేసింది మేం కాదు, వింతగా, మళ్లీ ఆ దొంగలే.

పన్నెండు రోజుల తర్వాత ఆయన ఫోనుకు ఇంకో కాల్ వచ్చింది. ఈసారి మన దేశపు నంబరే, మాట తెలుగే. సైబర్ క్రైమ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని, మీరు పోగొట్టుకున్న 37,700 దొరికిందని, తిరిగి పంపడానికి 3,500 ప్రాసెసింగ్ ఫీజు కట్టాలని. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు ఇలా చేతులు మారుతూ ఉంటాయి. వాళ్లకు పోయిన మొత్తం పైసాతో సహా తెలిసి ఉండటం వల్ల నమ్మకం కలుగుతుంది. నాన్న ఫోనును స్పీకర్‌లో పెట్టి, చిన్నిని సైగ చేసి పిలిచారు. తర్వాత తీరిగ్గా కుర్చీలో వెనక్కి వాలి, "అలాగేనండీ, కడతాను. చలానా నంబరు, పద్దు వివరాలు చెప్పండి, రాసుకుంటాను" అన్నారు. అవతలివాడు యూపీఐ ఐడీ చెప్పబోయాడు. "అది కాదండీ. మేజర్ హెడ్ చెప్పండి, మైనర్ హెడ్ చెప్పండి." వాడు ఫోన్ పెట్టేశాడు. ఆ నంబరును నాన్న తన ఫిర్యాదు ఫైల్లో ఎక్కించారు. ఆ రాత్రి మాతో కూర్చుని అన్నం తిన్నారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం తాతా మనవరాలు ఆయన ఫోనుకు వచ్చిన మెసేజ్‌లకు "ఆడిట్" చేస్తున్నారు. కరెంటు బిల్లు కట్టలేదని, కేవైసీ గడువు అయిపోయిందని, పార్సిల్ ఆగిపోయిందని వస్తూనే ఉంటాయి. ఏది ఎందుకు అబద్ధమో ముందు ఆయన చెప్పాలి, తర్వాత చిన్ని చెప్పాలి. నేనూ అప్పుడప్పుడు పక్కన కూర్చుంటున్నాను. అక్షరాలు పెద్దవి చేయడం కూడా నేర్పాను, రెండు నిమిషాల పని.

టీచర్ దిద్ది ఇచ్చిన కథను చిన్ని తాతయ్యకు చూపించింది. ఆయన ఎర్ర సిరా పెన్ను తీసి, కథలో "దాదాపు నలభై వేలు" అని ఉన్నచోట కొట్టేసి, పైన "37,700" అని, పక్కన అక్షరాల్లో "ముప్పై ఏడు వేల ఏడు వందల రూపాయలు మాత్రమే" అని రాశారు. చివర్లో తాతయ్య మనవరాలిని దగ్గరకు తీసుకున్నాడన్న వాక్యాన్ని కొట్టలేదు. దాని కింద పొట్టి సంతకం చేసి, తేదీ వేసి, "పరిశీలించడమైనది" అని రాసి ఇచ్చారు.